షోరూం చెప్పే 9 శాతం ఫ్లాట్, బ్యాంకు చెప్పే 13 శాతం రెడ్యూసింగ్: ఏది చవక?

ప్రశ్న: సార్, నాది గాజువాక, ఆటోనగర్‌లో పని. బండి కోసం 90,000 లోను కావాలి, 36 నెలలకు. షోరూంలో కూర్చునే ఫైనాన్స్ ఆయన 9 శాతం ఫ్లాట్, అంటే ముప్పావలా వడ్డీయే, నెలకు 3,175 అంటున్నాడు. ఫైలు చార్జీ జీఎస్టీతో 2,950, మొదటి కంతు ముందే కట్టాలట. నా జీతం పడే బ్యాంకు 13 శాతం రెడ్యూసింగ్ అంటోంది. 9 తక్కువే కదా? అసలు ఏడాదికి ఎంత పడుతుందో ఎలా తెలుసుకోవాలి?

సమాధానం:

బ్యాంకు లోనే చవక, తేడా కూడా చిన్నది కాదు. షోరూం వాళ్ల 9 శాతం ఫ్లాట్‌ని బ్యాంకు లెక్కలోకి మారిస్తే 16.24 శాతం. ఫైలు చార్జీ, ముందే కట్టే కంతు కూడా కలిపితే 19.8 శాతం. మన ఊరి లెక్కలో చెప్పాలంటే ముప్పావలా అని చెప్పి రూపాయి 65 పైసలు తీసుకుంటున్నారు. బ్యాంకు వాళ్ల 13 శాతం మాత్రం నూటికి రూపాయి 8 పైసలు. వాళ్ల చార్జీలు కలిపినా రూపాయి 15 పైసల దగ్గరే ఆగుతుంది.

షోరూం ఆయన అబద్ధం చెప్పలేదు, ముప్పావలా అన్న మాట నిజమే. కాకపోతే ఆ ముప్పావలా దేని మీద అన్నది చెప్పలేదు. కిటుకంతా అక్కడే ఉంది.

ఊళ్లో ఎవరి దగ్గరైనా నూటికి ముప్పావలా వడ్డీకి 90,000 తెచ్చారనుకోండి. నెలకు 675 వడ్డీ. మధ్యలో 45,000 అసలు తీర్చేస్తే మర్నాటి నుంచి వడ్డీ 337 రూపాయల యాభై పైసలే. అసలు తగ్గితే వడ్డీ తగ్గుతుంది, ఇది ఎవరికీ చెప్పక్కర్లేదు. ఫ్లాట్‌లో ఈ ఒక్కటే జరగదు. మొదటి రోజు మీ చేతికిచ్చిన 90,000 మీద మూడేళ్ల వడ్డీ ఒకేసారి లెక్క కట్టేస్తారు: 90,000కు 9 శాతం చొప్పున మూడేళ్లకు 24,300. దాన్ని అసలుకు కలిపితే 1,14,300. దాన్ని 36తో భాగిస్తే 3,175. ఇందులో 2,500 అసలు, 675 వడ్డీ. మొదటి నెలా అంతే, ఆఖరి నెలా అంతే.

ఇప్పుడు నెలలు గడిచేకొద్దీ ఆ 675 ఏమవుతుందో చూడండి. మొదటి నెల బాకీ 90,000, కాబట్టి 675 అంటే నిజంగా ముప్పావలాయే. పద్దెనిమిది కంతులు కట్టాక మీ దగ్గర వాళ్ల డబ్బు మిగిలేది 45,000. అప్పుడూ 675 కడుతున్నారంటే అది నూటికి రూపాయిన్నర. ఆఖరి నెలలో మీ దగ్గర ఉన్నది 2,500 మాత్రమే, దాని మీద కూడా 675 వడ్డీ. అంటే నూటికి 27 రూపాయలు, ఒక్క నెలకు. కాల్ మనీ వాళ్లు కూడా ఆ మాట పైకి అనరు.

రెడ్యూసింగ్ అంటే ఊరి వడ్డీ పద్ధతే. ప్రతి నెలా మిగిలిన బాకీ మీద మాత్రమే వడ్డీ వేసి, మీరు కట్టిన కంతులోంచి ముందు ఆ వడ్డీ తీసుకుని, మిగతాది అసలుకు జమ చేస్తారు. మీ బ్యాంకు లెక్కలో 13 శాతానికి 90,000, 36 నెలలంటే కంతు 3,032. మొదటి నెల వడ్డీ 975. షోరూం వాళ్ల 675 కన్నా ఎక్కువే, చాలామంది ఇక్కడే భయపడి వెనక్కి తగ్గుతారు. కానీ ఆ 975 నెలనెలా కరిగి, ఆఖరి నెలకు 30, 40 రూపాయల్లోకి వచ్చేస్తుంది. మొత్తం మీద వడ్డీ 19,168. షోరూంలో 24,300. వడ్డీ శాతం చూస్తే 9 చిన్నది, 13 పెద్దది. కంతు చూస్తే 3,175 పెద్దది, 3,032 చిన్నది. అప్పు అంతే, నెలలు అన్నే అయినప్పుడు చార్జీలు పక్కన పెడితే కంతు తక్కువ ఉన్నదే చవక. ముందు ఈ ఒక్క పోలిక చేసుకుంటే సగం లోన్లు అక్కడే తేలిపోతాయి.

ఫోన్లో లెక్క తేల్చడం

ఏ ఈఎంఐ కాలిక్యులేటర్ అయినా సరిపోతుంది, బ్యాంకుల సైట్లలో ఉండేవన్నీ రెడ్యూసింగ్ లెక్కే వేస్తాయి. వడ్డీ గడిలో 9 మాత్రం కొట్టకండి. అప్పు 90,000, నెలలు 36 పెట్టి, షోరూం చెప్పిన కంతు 3,175 వచ్చేదాకా వడ్డీ మారుస్తూ పొండి. 13 పెడితే 3,032 వస్తుంది, తక్కువ. 16 పెడితే 3,164, దగ్గరకొచ్చింది. 17 పెడితే 3,209, దాటిపోయింది. 16.25 దగ్గర 3,175 కూర్చుంటుంది. అదే ఆ ఫ్లాట్ అసలు రూపం. ఇందులో ఎవరి మాటా నమ్మక్కర్లేదు. మీ చేతికి వచ్చేది, మీ చేతిలోంచి పోయేది, ఎన్ని నెలలు, ఈ మూడు అంకెలు ఉంటే చాలు.

షీట్ తెరిచే అలవాటుంటే ఇంకా సులువు. ఎక్సెల్‌లో గానీ గూగుల్ షీట్స్‌లో గానీ ఒక గడిలో ఇది రాయండి:

```
=RATE(36,-3175,90000)*12
```

కంతు ముందు మైనస్ గుర్తు తప్పనిసరి, అది మరిస్తే `#NUM!` అని వస్తుంది. 12తో గుణించడం మరిస్తే నెల వడ్డీ 1.35 శాతం చూపిస్తుంది, దాన్ని చూసి ఇంత తక్కువా అని మురిసిపోకండి. గడిని శాతంలోకి మార్చి రెండు దశాంశాలు పెట్టుకుంటే 16.24 కనిపిస్తుంది. కొన్ని కాలిక్యులేటర్లు ఇదే లోనుకు 17.5 అని చూపిస్తాయి, అది చక్రవడ్డీ లెక్క. తప్పు కాదు గానీ బ్యాంకు చెప్పే 13తో దాన్ని పోల్చకూడదు. బ్యాంకు 13 కూడా నెల వడ్డీని 12తో గుణించిన అంకే, కాబట్టి మనం పోల్చాల్సింది 16.24తోనే.

షోరూంలో నిలబడి నోటి లెక్క వేయాలంటే ఫ్లాట్‌ని 1.8తో గుణించండి. 9 అయితే 16.2. ఏడాది నుంచి మూడేళ్ల లోను, 8 నుంచి 10 శాతం ఫ్లాట్ అయితే ఈ లెక్క పెద్దగా తప్పదు. ఐదేళ్ల లోనుకు 1.75 వేసుకోండి. రెట్టింపు అవుతుందని కొందరంటారు. అది కాస్త ఎక్కువ చేసి చెప్పడమే.

చార్జీలు కలిపితే కథ మారుతుంది

16.24 అన్నది 90,000 మొత్తం మీకు ఉపయోగపడితేనే. ఫైలు చార్జీ 2,950 మీ జేబులోంచి పోతుంది. దాన్ని లోనులోంచి కోసుకున్నా, విడిగా కట్టించుకున్నా లెక్కకు ఒకటే: మీకు వాళ్ల దగ్గర్నుంచి నికరంగా వచ్చింది 87,050. కంతు మాత్రం 90,000కు వేసిన 3,175 అలాగే ఉంటుంది. కాలిక్యులేటర్లో అప్పు గడిలో 87,050 పెట్టి మళ్లీ వెతికితే 18.64 శాతం వస్తుంది. మూడువేలు కూడా లేని చార్జీ ఏడాదికి రెండున్నర శాతం దాకా పెంచేసింది. లోను చిన్నదయ్యే కొద్దీ, గడువు తగ్గే కొద్దీ ఈ దెబ్బ పెద్దదవుతుంది. అదే 2,950 ఐదు లక్షల కారు లోనుకైతే పెద్దగా కనిపించదు.

ఇక ముందే కట్టే కంతు. ఇది చాలామందికి చార్జీలా కనిపించదు, ఎలాగూ కట్టాల్సిందే కదా అనుకుంటారు. కానీ బండి తాళం చేతికిచ్చిన రోజే 3,175 వెనక్కి తీసుకుంటే, మీకు వాళ్లు ఇచ్చింది 83,875 మాత్రమే. మిగిలినవి 35 కంతులు. వడ్డీ మాత్రం 90,000కు 36 నెలలు వేసిందే. ఈ లెక్క ఇలా:

```
=RATE(35,-3175,83875)*12
```

19.83 వస్తుంది. పైన చెప్పిన రూపాయి 65 పైసలు ఇదే. మొదటి కంతు ముందే కట్టడంతో కంతులన్నీ ఒక నెల ముందుకు జరిగాయి, దాంతో 1.2 శాతం పెరిగింది. మొదటి కంతు నెల తర్వాత కడతానని అడగండి. కొన్నిచోట్ల ఒప్పుకుంటారు, ఎందుకంటే ఇది తరచుగా డీలర్ దగ్గర మాట్లాడుకునే విషయం.

ఇంకో చోట జాగ్రత్త. బండి ఇన్సూరెన్సు కాకుండా లోను ఇన్సూరెన్సనో, ప్రమాద బీమా అనో, అదనపు వారంటీ అనో నాలుగైదు వేలు అప్పులోనే కలిపేస్తారు. అప్పుడు కాగితం మీద 90,000 కనిపిస్తుంది, డీలర్‌కు చేరేది 85,000 ఉంటుంది. మీకు అక్కర్లేనిదైతే ఆ సొమ్ము కూడా నికరంలోంచి తీసేసి లెక్క వేయండి. రొక్కం పెట్టి కొంటే డీలర్ రెండు వేలు తగ్గిస్తానని, లోను తీసుకుంటే తగ్గించనని అంటే ఆ రెండు వేలు కూడా లోను ఖర్చే. సున్నా వడ్డీ అని బోర్డు పెట్టేవాళ్ల వడ్డీ సాధారణంగా ఇందులోనే దాక్కుంటుంది.

బ్యాంకును కూడా ఇదే త్రాసులో తూచాలి. మీరు వాళ్ల చార్జీ రాయలేదు, 1 శాతం అనుకుందాం: 900, దాని మీద 18 శాతం జీఎస్టీ 162, మొత్తం 1,062. నికరం 88,938, కంతు 3,032. తేలేది 13.83 శాతం. డబ్బులో చెప్పాలంటే షోరూంలో కంతులు, చార్జీ కలిపి 1,17,250 పోతుంది. బ్యాంకులో 1,10,230. మీకు మిగిలేది 7,020, రెండు కంతుల కన్నా ఎక్కువే. మీ బ్యాంకు చార్జీ వేరేగా ఉంటే ఆ అంకె పెట్టి మీరే వేసుకోండి.

ఈ లెక్క బండి లోన్లకే కాదు. పూర్ణా మార్కెట్ లాంటి చోట్ల చిన్న వ్యాపారులు తీసుకునే వంద రోజుల ఫైనాన్స్ చూడండి. పదివేలు రాసుకుని, వెయ్యి ముందే పట్టుకుని 9,000 చేతిలో పెడతారు. రోజుకు వంద చొప్పున వంద రోజులు కట్టాలి. పదివేలకు వెయ్యే కదా, పది శాతం అనిపిస్తుంది. `=RATE(100,-100,9000)*365` వేస్తే ఏడాదికి 77 శాతం పైమాటే. రోజూ తిరిగి కట్టేస్తున్నారు కాబట్టి ఆ 9,000లో సగటున సగమే వాళ్ల చేతిలో ఉంటుంది, అదీ వంద రోజులే.

సంతకానికి ముందు అడగాల్సిన కాగితం

రిజర్వ్ బ్యాంకు 2024 ఏప్రిల్‌లో ఇచ్చిన ఆదేశాల ప్రకారం 2024 అక్టోబర్ 1 నుంచి బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీలు కొత్తగా ఇచ్చే ప్రతి రిటైల్ టర్మ్ లోనుకు కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్ ఇవ్వాలి. కేఎఫ్ఎస్ అంటారు. అందులో ఏపీఆర్ అని ఒక అంకె ఉంటుంది. వడ్డీతో పాటు ప్రాసెసింగ్ ఫీజు, బయటివాళ్ల తరఫున కంపెనీ వసూలు చేసే ఇన్సూరెన్సు లాంటి చార్జీలు కూడా కలిపి తేల్చిన ఏడాది ఖర్చు అది. మీకు అర్థమయ్యే భాషలో ఇవ్వాలి, కాబట్టి తెలుగులో అడగొచ్చు. అందులోని షరతుల మీద ఆలోచించుకోవడానికి కనీసం మూడు పనిదినాల గడువు కూడా ఉంటుంది. కాబట్టి "ఆఫర్ ఈ సాయంత్రం దాకానే" అంటే కంగారు పడకండి.

ఫైనాన్స్ ఆయన్ని "వడ్డీ ఎంత" అని అడిగితే మళ్లీ 9 అనే చెప్తాడు. "కేఎఫ్ఎస్‌లో ఏపీఆర్ ఎంత" అని అడగండి. అక్కడ 9 రాయలేడు. ఆ అంకెను మీరు వేసుకున్న దానితో పోల్చండి. మీకు 19.8 వచ్చి, కాగితం మీద 16.2 ఉంటే ఏదో కలపలేదని అర్థం, చార్జీయో ముందు కంతో. ఏది వదిలేశారో అక్కడే అడగండి.

కేఎఫ్ఎస్‌తో పాటు కంతుల పట్టిక కూడా ఉండాలి. ప్రతి నెలా వడ్డీ గడిలో 675 అలాగే ఉంటే అది ఫ్లాట్ పద్ధతిలో రాసింది. మొదటి నెల 1,218తో మొదలై తగ్గుతూ పోతుంటే, అదే లోనును వాళ్లు తమ పుస్తకాల్లో 16.24 రెడ్యూసింగ్‌గా రాసుకున్నారన్న మాట. కంతు రెండింటిలోనూ 3,175 కాబట్టి ఏదైతేనేం అనిపిస్తుంది. మధ్యలో లోను తీర్చేయాలనుకున్న రోజున మాత్రం అనిపించదు.

ఏడాదికే తీర్చేస్తే

పన్నెండు కంతులు కట్టాక బోనస్ వచ్చింది, క్లోజ్ చేద్దామని వెళ్లారనుకోండి. మీ లెక్కలో నెలకు 2,500 చొప్పున 30,000 అసలు తీరింది, ఇంకా 60,000 ఉండాలి. వాళ్ల స్క్రీన్ మీద 64,690 దగ్గర చూపిస్తుంది. చాలా గొడవలు ఇక్కడే మొదలవుతాయి, మోసం చేశారని కస్టమర్ అరుస్తాడు. లెక్క ప్రకారం వాళ్ల అంకె తప్పు కాదు: రెడ్యూసింగ్‌లో ముందు నెలల్లో వడ్డీ భాగం ఎక్కువ, కాబట్టి అసలు మెల్లగా తీరుతుంది. తప్పు ఎక్కడంటే, అమ్మేటప్పుడు ఫ్లాట్ అని చెప్పి, మూసేటప్పుడు రెడ్యూసింగ్ చూపించడంలో.

అసలు భయపడాల్సింది ఇంకోటి. మిగిలిన 24 కంతులూ కట్టేయమని, అంటే 76,200 అడిగితే ముందు తీర్చినందుకు మీకు పైసా కలిసిరాదు. 64,690 బాకీ మీద 4 శాతం ఫోర్‌క్లోజర్ చార్జీ, దాని మీద జీఎస్టీ వేసుకుంటే 3,050 పైచిలుకు, మొత్తం 67,740 అవుతుంది. అప్పుడు సుమారు 8,450 మిగులుతుంది. అందుకే ముందు తీర్చే ఆలోచన కొంచెం ఉన్నా సరే, ముందు తీరిస్తే బాకీ ఎలా లెక్కిస్తారు, చార్జీ ఎంత అన్న రెండూ సంతకానికి ముందే కాగితం మీద చూసుకోండి.

రెడ్యూసింగ్ అన్న మాట వినగానే పూర్తిగా నిశ్చింత కూడా వద్దు. నెలనెలా బాకీ తగ్గించి వడ్డీ వేస్తారా, ఏడాదికోసారి తగ్గిస్తారా అని అడగండి. ఏడాదికోసారి అయితే మీరు జనవరిలో కట్టిన అసలు మీద కూడా డిసెంబర్ దాకా వడ్డీ పడుతుంది. సొసైటీ లోన్లలో ఈ ప్రశ్న అడగడం మరవకండి. కంతు చెప్తే పైన చెప్పిన వెతుకులాటలో ఇదీ బయటపడుతుంది.

బ్యాంకు లోను రావడానికి పది రోజులు పడుతుంది, బండి ఈ వారమే కావాలి అన్న ఇబ్బంది మీకుంటే, షోరూం ఆయనతో బేరమాడండి. శాతం గురించి మాట్లాడితే వాళ్లకు నోరు ఎక్కువ, కంతు గురించే మాట్లాడండి. చార్జీ 2,950 అలాగే ఉంచి, ముందు కంతు తీసేస్తే, మీ బ్యాంకు 13.83తో సమానం కావడానికి వాళ్ల కంతు 2,968కి రావాలి. ఫ్లాట్‌లో చెప్పాలంటే ఆరుంపావు శాతం, అంటే నూటికి 52 పైసలు. వాళ్లు 8.5కి దిగి పెద్ద రాయితీ ఇచ్చినట్టు చెప్తే కంతు 3,137 అవుతుంది, ఇంకా నెలకు 170 దూరంలో ఉన్నట్టే.